ఆషాఢంలో తెరవని చెక్కుబుక్కు

సంచుల వెంకట్రాజం అంటే లక్ష్మీపురంలో తెలియనివాళ్లు లేరు. గోనె సంచులు, వాటిని కుట్టే సుతిలి, కుప్పల మీద కప్పే తాడిపత్రులు అమ్మే దుకాణం ఆయనది. మిర్చి కాలంలో ఎనుమాముల మార్కెట్‌కు బండ్లు కట్టుకొని వచ్చే రైతులు ఆ దుకాణం దాటిపోవడం అరుదు. మనిషికి మాత్రం కాలు ఒకచోట నిలవదు. గల్లా వెనక మంచి కుర్చీ ఉంది, దాని మీద ఎక్కువగా కూర్చునేది ఆయన కండువానే. గిరాకీ లేకపోతే సంచుల కట్టలన్నీ ఈ గోడ నుంచి ఆ గోడకు మార్పిస్తాడు. మార్చాక, ముందున్నట్టే బాగుందంటాడు. సేటు ఇవాళ ఊళ్లో లేడంటే హమాలీలు ఆ పూట టీ నిదానంగా తాగుతారు.

ఇంత నిలకడలేని మనిషికీ ఒక విషయంలో మాత్రం రాయిలాంటి పట్టింపు. చెక్కుబుక్కు. కొత్త చెక్కుబుక్కును దసరా నాడే తెరవాలి. తక్కెడ, కత్తెర, గల్లాపెట్టె పక్కన దాన్ని పూజలో పెట్టి, జమ్మి ఆకు ఉంచి, మొదటి కాగితం భద్రకాళి అమ్మవారి పేరు మీద రాసి ఇస్తేనే మిగతావి వాడాలి. బుక్కు ఏడాది మధ్యలో అయిపోతే దసరా దాకా నగదుతోనే నెట్టుకొస్తాడు గానీ కొత్తది ముట్టడు. వాళ్ల నాయన కూడా అంతేనట. వ్యాపారం మొదలుపెట్టిన నాటి నుంచి తన చెక్కు ఒక్కటి కూడా వాపసు రాలేదని వెంకట్రాజం ఎదురైనవాళ్లందరికీ చెప్పేవాడు. అది ఖాతాలో పైసలుండడం వల్లనా, జమ్మి ఆకు వల్లనా అని అడిగే ధైర్యం బజారులో ఎవరికీ లేదు.

ఆ ఏడాది ఆయన బ్యాంకును తీసుకుపోయి మరో పెద్ద బ్యాంకులో కలిపారు. వీధి అదే, బ్రాంచి అదే, తలుపు దగ్గర తుపాకీ పట్టుకొని కునికే గార్డూ అతనే. బోర్డు మాత్రం మారింది. ఫోనుకు మెసేజీల మీద మెసేజీలు వచ్చాయి. పాత చెక్కులు జూన్ ఆఖరు వరకే చెల్లుతాయి, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారింది, కొత్త వివరాలు తీసుకోండి అని. బ్యాంకు పేరు చెప్పి మెసేజ్ పంపి బామ్మర్ది ఖాతా ఎవరో ఊడ్చేసిన నాటి నుంచి, అలాంటివి కనిపిస్తే చాలు వెంకట్రాజం చదవకుండానే తుడిచేస్తాడు. మంచి జాగ్రత్తే. ఈసారి ఆ జాగ్రత్తే ఆయన్ను ముంచింది. కొత్త బ్యాంకు పేరుతో స్పీడ్ పోస్టులో చెక్కుబుక్కు కూడా వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాడు, కవరు చింపకుండా దేవుడి గూట్లో పెట్టాడు. పాతదాంట్లో ఇంకా కాగితాలున్నాయి, కొత్తది దసరాకు చూద్దాంలే అనుకున్నాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆయనా భార్య యమునా. పిల్లలు లేరు. యమున ఆయనకు పూర్తిగా ఎదురు మనిషి. నెమ్మది. నొప్పి వస్తే కూడా నెమ్మదిగానే చెబుతుంది, అదే ఆమెకు చేటు. కుడివైపు పక్కటెముకల కింద పోటు వస్తోందని రెండు మూడుసార్లు అన్నాక గానీ ఆయనకు చెవికెక్కలేదు. హనుమకొండలో స్కానింగ్ తీయిస్తే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు అన్నారు. ఆపరేషన్ చేసి తీసేయాలి, ఊరికే జాప్యం చేయొద్దని డాక్టర్ చెప్పాడు.

వాళ్లకు ఆరోగ్య బీమా ఉంది. వెంకట్రాజం చిన్ననాటి స్నేహితుడు ఓంప్రకాశ్ ఏజెంటు, అతనే కట్టించాడు. అయితే ఆ పాలసీలో ఇలాంటి ఆపరేషన్లకు మొదటి రెండేళ్లు డబ్బివ్వరు. ఆ రెండేళ్లూ అప్పుడే పూర్తవుతున్నాయి. జూలై మొదట్లో రెన్యువల్ కడితే మూడో ఏడు పడుతుంది, ఆ వెంటనే ఆపరేషన్ చేయించుకోవచ్చు. వెంకట్రాజం ఎప్పటిలాగే పాత బుక్కులోంచి చెక్కు రాసి ఓంప్రకాశ్ చేతిలో పెట్టాడు. యమున చీరలు రెండు విడిగా తీసి దవాఖానాకు సంచి కూడా సర్దుకుంది.

నాలుగు రోజులు పోయాక ఓంప్రకాశ్ ఫోను చేశాడు.

"అన్నా, నీ చెక్కు వాపస్ వచ్చింది."

"ఎవల చెక్కు?"

"నీదే అన్నా."

వెంకట్రాజానికి ఒళ్లు మండిపోయింది. "ఏం మాట్లాడుతానవ్ ఓంప్రకాశ్? నా ఖాతల పైసలు లేవా? నా చెక్కు వాపస్ వచ్చుడేంది?"

"పైసల ముచ్చట కాదన్నా. పాత బ్యాంకు చెక్కట, ఇగ చెల్లదట. జర బ్యాంకుకు పోయి అడుగు. ఇంకో మాట, పాలసీ తారీఖు దాటింది. రెన్యువల్ కట్టనీకె ముప్పై రోజుల గడువు ఉంటది, అదీ దాటితే మళ్ల మొదటి నుంచి రెండేండ్లు ఆగాలె."

ఆయన కండువా భుజాన వేసుకొని, దుకాణం హమాలీలకు వదిలి, ఎండలో నడిచే బ్యాంకుకు పోయాడు. ఆటో ఎక్కితే కూర్చోవాల్సి వస్తుంది, అప్పుడు ఆయనకు కూర్చోవడం చేతకాదు.

బ్యాంకులో రమ్య అనే ఆఫీసరమ్మ ముందు కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే చెక్కు బల్ల మీద పెట్టాడు. "బిడ్డా, ఇది చూడు. ఈ సంతకం నాదేనా కాదా? ఖాతల పైసలున్నయా లేవా?"

రమ్య చూసి చెప్పింది. "సంతకం మీదే అంకుల్. పైసలు కూడా ఉన్నయ్. కానీ ఈ చెక్కు పాత బ్యాంకుది. బ్యాంకులు కలిసినంక పాత చెక్కులు జూన్ ఆఖరు దాకనే నడిచినయ్. కింద ఈ నంబర్లు చూసిండ్రా, అవి పాత బ్రాంచివి. ఇప్పుడు అవి లేవు. మీకు కొత్త చెక్కుబుక్కు రాలేదా?"

"వచ్చింది."

"మరి దాంట్లకెల్లి రాయకపోయిండ్రా?"

వెంకట్రాజం కండువా ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఆ అమ్మాయి తెలివి గలదే, జవాబు కోసం పట్టుబట్టలేదు. చెప్పాల్సినవన్నీ చెప్పుకుంటూ పోయింది. ఖాతా నంబరు మాత్రం పాతదే. ఏటీఎం కార్డు దాని మీద ఉన్న తారీఖు వరకు నడుస్తుంది. మారింది ఐఎఫ్ఎస్‌సీ కోడ్. ఆయనకు డబ్బు పంపేవాళ్లందరికీ కొత్త కోడ్ ఇవ్వాలి. ముందు తారీఖులు వేసి ఎవరికైనా చెక్కులిచ్చి ఉంటే వెనక్కి తీసుకొని కొత్తవి రాసివ్వాలి. ఇన్‌కమ్ టాక్స్ దగ్గర, బీమా కంపెనీ దగ్గర ఖాతా వివరాలు సరి చేయించుకోవాలి. లేకపోతే రేపు వాళ్లు పంపే డబ్బు దారి తప్పుతుంది.

"గ్యాసు సబ్సిడీ?" అన్నాడు, ఏదో ఒకటి అడగాలని.

"అది ఆధార్ మీద పడుతది అంకుల్, దానికి ఫికర్ లేదు."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. పాలకుర్తి దగ్గరి రైతుల సంఘం ఒకటి తాడిపత్రులు తీసుకుపోయి, డబ్బు ఆయన ఖాతాకు పంపామని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ రాలేదు. అబద్ధాలాడుతున్నారని వాళ్లను బజారు వినేలా తిట్టాడు. వాళ్లు పంపింది నిజమే. పాత కోడ్‌కు పంపితే అది తిరిగి వాళ్ల ఖాతాలోనే పడింది. రమ్య కాగితం మీద కొత్త కోడ్ రాసిచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. బయటికొచ్చి సంఘం అధ్యక్షుడికి ఫోను చేసి, కొత్త కోడ్ చెప్పి, తప్పు నాదేనన్నాడు. ఆ మనిషి మంచివాడు కాబట్టి నవ్వేశాడు. వెంకట్రాజానికి ఆ నవ్వు తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది.

ఇక మిగిలింది ఇంటికి పోవడం, గూట్లోని కవరు చింపడం, చెక్కు రాసివ్వడం. అంతే పని. అయితే అది ఆషాఢం.

దసరా సంగతి ఎలాగోలా దాటుదామనుకున్నాడు, అత్యవసరమైతే శ్రావణ శుక్రవారం కూడా మంచిదేనని నాయన ఒకసారి అన్నట్టు గుర్తు. ఆషాఢంలో మాత్రం కొత్తది ఏదీ మొదలుపెట్టడు. కొత్త తక్కెడ కొనడు, కొత్త మనిషిని పనిలో పెట్టుకోడు. పైగా ఈ బుక్కులోని మొదటి కాగితం రాసేది ఆపరేషన్ కోసం. అశుభ మాసంలో తెరిచిన బుక్కు, భార్య కడుపు మీద కత్తి, ఈ రెండూ కలిపి ఆలోచిస్తేనే ఆయనకు భయమేసింది. మూఢనమ్మకం అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు గానీ ఆ భయం మాత్రం నిజమైనది. ఆమె లేకపోతే ఆయనకు ఇంకెవరూ లేరు.

ఫోను నుంచే కట్టెయ్యమన్నాడు ఓంప్రకాశ్. ఫోనులో పైసలంటే ఆయనకు బామ్మర్ది మొహం కనిపిస్తుంది. పోనీ నువ్వు కట్టు, నీకిస్తానన్నాడు వెంకట్రాజం. పాలసీ ఉన్న మనిషి ఖాతా నుంచే రావాలి, ఏజెంటు ఖాతా నుంచి గానీ నగదుగా గానీ మా కంపెనీ తీసుకోదన్నాడు ఓంప్రకాశ్. అప్పుడు వెంకట్రాజం క్యాలెండర్ తీసి చూశాడు. గడువు అయిపోయే లోపలే శ్రావణం వస్తోంది, గడువుకూ శ్రావణానికీ మధ్య కొన్ని రోజులు మిగులుతున్నాయి కూడా. ఇంకేం, శాస్త్రం దక్కింది, పాలసీ దక్కింది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

యమునకు చెక్కు సంగతి చెప్పలేదు. "ఆషాఢంల ఆపరేషన్ ఎందుకు, శ్రావణంల చేయించుకుందాం" అన్నాడు. ఆమె సరేనంది. సర్దిన సంచి మంచం కిందికి నెట్టింది.

ఆ తర్వాత రోజులు గడిచిన తీరు ఆయనకే తెలియాలి. దుకాణంలో ఉంటే ఇల్లు గుర్తొస్తుంది, ఇంటికి వస్తే యమున మొహం చూడలేడు. మధ్యాహ్నం అన్నానికని వచ్చి, తినకుండా వంటింటి గుమ్మం దాకా రెండుసార్లు తిరిగి, మళ్లీ చెప్పులేసుకుంటాడు. నొప్పి ఎట్లుందని అడుగుతాడు, ఆమె ఫర్వాలేదు అంటుంది, ఆ మాట పట్టుకొని బయటపడతాడు. దారిలో ఆ ఫర్వాలేదు ఎలా అందో మళ్లీ మళ్లీ చెవుల్లో తిప్పుకుంటాడు. దుకాణంలో సుతిలి ఉండలు దిగువ అరలోంచి పైఅరకు, పైఅరలోంచి దిగువకు మారాయి. ఒక హమాలీ ఏదో అనబోతే వాడి మీద విరుచుకుపడ్డాడు. బోనాల డప్పు ఎక్కడో వినపడితే ఈ నెల ఎప్పుడు పోతుందా అనిపించేది. పండుగ నెల పోవాలని కోరుకోవడం ఆయన బతుకులో అదే మొదటిసారి.

యమున మెల్లగా తిండి తగ్గించింది. నూనె తగిలితే పోటు లేస్తోందని మజ్జిగన్నం తింటోంది, తర్వాత మజ్జిగే తాగుతోంది. ఇది కూడా ఆయన చూశాడు. చూసి, శ్రావణానికి ఇంకెన్ని రోజులని క్యాలెండర్ వైపు చూశాడు.

ఒకనాడు పొద్దున ఓంప్రకాశ్ నేరుగా ఇంటికే వచ్చాడు. వెంకట్రాజం చెప్పులు వేసుకుంటున్నాడు. యమున చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆమె కుడిపక్క పట్టుకొని నడవడం ఓంప్రకాశ్ గమనించాడు.

"వదినా, గింత నొప్పి పెట్టుకొని ఎట్ల ఉంటానవ్? అన్న ఆ చెక్కు ఇయ్యకపాయె. ఇయ్యాల నీకు ఏమన్నయి దవాఖానల పడితే కంపెనీ ఒక్క పైస ఇయ్యది. పాలసీ ఇప్పుడు నడుస్త లేదు కదా."

"నడుస్త లేదా?" అంది యమున.

వెంకట్రాజం చెప్పు ఒకటి కాలికి, ఒకటి చేతిలో ఉండిపోయింది. ఓంప్రకాశ్‌కు అప్పుడర్థమైంది తానేం చేశాడో. అయినా అడిగిన మనిషికి చెప్పక తప్పలేదు.

"గడువు ఉంది వదినా. గడువుల కడితే పాత రెండేండ్లు పోవు, అది నిజమే. కానీ కట్టేదాక మధ్యల వచ్చిన ఖర్చు కంపెనీ పెట్టుకోదు. అన్నకు ఎరుకే."

నిజానికి అన్నకు ఎరుకలేదు. గడువంటే ఆయనకు పాత ఏడు ఇంకా నడుస్తున్నట్టే. గడువులో కట్టొచ్చు అన్న మాట పట్టుకున్నాడు గానీ, ఆ గడువులో పాలసీ పడుకొని ఉంటుందా అని అడగలేదు, ఓంప్రకాశ్ ఫోనులో చెప్పలేదు. ఇన్ని రోజులూ ఆమెను పిట్టగోడ లేని మేడ మీద పడుకోబెట్టాడన్నమాట.

"నాకు ఎరుకలేదు" అన్నాడు. "శ్రావణం దాకా ఆగుదామనుకున్న. ఆషాఢంల బుక్కు తెరిస్తే నీకు ఏమన్నయితదేమోనని..."

యమున దేవుడి గూటి దగ్గరికి పోయింది. చెయ్యి పైకెత్తగానే కుడివైపు పోటు లేచిందేమో, గోడకు తల ఆనించి కాసేపు అట్లాగే ఉంది. ఆయన పరుగున పోయి అందించబోయాడు. ఆమె చేత్తోనే ఆపింది. తనే కవరు దించి, తనే చింపి, చెక్కుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెన్ను కూడా.

"ఇగో. రాయి."

ఆయన రాశాడు. బీమా కంపెనీ పేరు, అంకెలు, అక్షరాలు, తారీఖు. జమ్మి లేదు, అమ్మవారి కాగితం లేదు, ఒక కాలికి చెప్పు అట్లాగే ఉంది. చెక్కు వెనక ఫోన్ నంబరు, పాలసీ నంబరు రాసి ఓంప్రకాశ్‌కు ఇచ్చాడు. ఓంప్రకాశ్ చాయ్ కూడా పూర్తి చేయకుండా పోయాడు.

చెక్కు ఎప్పటిలాగే పాసయింది. పాలసీ కాగితం ఫోనులో వచ్చింది. ఆపరేషన్‌కు తారీఖు కూడా దొరికింది, అదీ ఆషాఢంలోనే. వెంకట్రాజం ఆ తారీఖును క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాడు.

దవాఖానాలో చేరే ముందు రోజు యమున బ్యాంకుకు పోదామంది. ఎందుకని అడిగితే పోయినంక చెప్తానంది. ఆటోలో పోయారు. రమ్య ముందు యమున కూర్చుంది, ఆయన కుర్చీ వెనక నిలబడ్డాడు.

"బిడ్డా, ఈయన ఖాతల నా పేరు కూడా ఎక్కియ్యాలంటే ఏం కావాలె?"

"మీ ఆధార్, పాన్, ఫొటోలు కావాలె ఆంటీ. జాయింట్ ఖాతా ఫారం ఉంటది, దానికి అంకుల్ కూడా ఒప్పుకొని సంతకం పెట్టాలె. ఇద్దరు కలిసి సంతకం పెట్టేటట్టా, ఇద్దరిల ఎవరు పెట్టినా చెల్లేటట్టా?"

"ఎవరు పెట్టినా చెల్లేటట్టు" అంది యమున. పర్సులోంచి ఆధార్, పాన్, ఫొటోలు తీసి బల్ల మీద పెట్టింది. అన్నీ ముందే సర్దుకొని వచ్చింది.

వెంకట్రాజానికి మొహం మాడిపోయింది. చుట్టూ తెలిసినవాళ్లున్నారు. వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా అడిగాడు. "నా మీద నమ్మకం పోయిందా?"

"పోలే" అంది యమున. "నువ్వు నా బాగు కోసమే ఆగినవ్, నాకెరుకే. కానీ నొప్పి నాకు వస్తాంది. ఎన్ని రోజులు ఓర్చుకోవాలెనో నన్ను అడగకుంటనే లెక్క కట్టినవ్."

ఆమె ఫారం తన వైపు తిప్పుకొంది. సంతకం పెట్టాల్సిన గడిలో, బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో పేరు రాసింది. మొదటిది సరిగా రాలేదనిపించి, రమ్యను అడిగి ఇంకో ఫారం తీసుకొని మళ్లీ రాసింది. తర్వాత పెన్ను ఆయనకు అందించింది.